పోలీసు సోదాల్లో, విమానాశ్రయ తనిఖీల్లో రేషియల్ ప్రొఫైలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

రేషియల్ ప్రొఫైలింగ్ అంటే ఏమిటి? సాక్షి చెప్పిన ఆనవాళ్లను బట్టి వెతకడం కూడా దాని కిందికే వస్తుందా?

రాదు. ఒక దుకాణంలో దొంగతనం జరిగిన పది నిమిషాలకు, "ఎర్ర చొక్కా వేసుకున్న పొడవాటి నల్లజాతి యువకుడు ఈ సందులోకి పరిగెత్తాడు" అని సాక్షి చెబితే, పోలీసులు ఆ పోలికలున్న మనిషి కోసం ఆ సందులో వెతకడం మామూలు దర్యాప్తే. అక్కడ నేరం జరిగింది, నేరస్థుడు ఒక్కడు, ఒంటి రంగు అతని ఆనవాళ్లలో ఒకటి మాత్రమే. ప్రొఫైలింగ్‌లో వరుస తలకిందులవుతుంది. ఏ నేరమూ ఇంకా కళ్ల ముందు లేకపోయినా, ఫలానా జాతివాళ్లు లేదా ఫలానా దేశం నుంచి వచ్చినవాళ్లు నేరం చేసే అవకాశం ఎక్కువన్న అంచనాతో, వాళ్లలో ఎవరు కనబడితే వాళ్లను ఆపి సోదా చేస్తారు. చాలా సందర్భాల్లో జాతి ఒక్కటే కారణంగా ఉండదు. వయసు, పేట, నడక, సంచి, వేళ వంటి వాటితో కలిసి, తక్కెడను ఒకవైపుకు వంచే ఆఖరి బరువుగా అది పనిచేస్తుంది. అందుకే ఏ ఒక్క సోదాను తీసుకున్నా అది ప్రొఫైలింగేనని నిరూపించడం కష్టం. వేల సోదాల లెక్కలను పక్కపక్కన పెట్టినప్పుడే అది బయటపడుతుంది.

వీధిలో ఇది ఆచరణలో ఎలా జరుగుతుంది?

లెక్కలు అన్నిటికంటే వివరంగా దొరికే ఉదాహరణ న్యూయార్క్ నగరానిది. అమెరికా సుప్రీంకోర్టు 1968లో టెర్రీ వర్సెస్ ఒహాయో కేసులో, అరెస్టుకు సరిపడా ఆధారం లేకపోయినా సహేతుకమైన అనుమానం ఉంటే పోలీసు అధికారి మనిషిని కాసేపు ఆపవచ్చనీ, అతని దగ్గర ఆయుధం ఉందని అనుమానించడానికి తగిన కారణం ఉంటే దుస్తుల మీద నుంచి ఒళ్లు తడిమి చూడవచ్చనీ తీర్పు ఇచ్చింది. "స్టాప్ అండ్ ఫ్రిస్క్" అని జనం పిలిచే పద్ధతికి చట్టపరమైన పునాది అదే. న్యూయార్క్ పోలీసులు ఈ అధికారాన్ని నగరమంతటా రోజువారీ పనిగా మార్చారు. 2004లో సుమారు 3 లక్షల 14 వేల సార్లు మనుషులను ఆపితే, 2011 నాటికి ఆ సంఖ్య 6 లక్షల 86 వేలకు చేరింది.

ఆపిన ప్రతిసారీ అధికారి యూఎఫ్-250 అనే ఫారం నింపాల్సి వచ్చేది. అందులో అనుమానానికి కారణాలు ముందే అచ్చు వేసి ఉండేవి. వర్తించే గడిలో టిక్కు పెడితే సరిపోయేది. "దొంగచాటు కదలికలు" అన్న గడికి సుమారు 42 శాతం ఫారాల్లోనూ, "నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతం" అన్న గడికి సగానికి పైగా ఫారాల్లోనూ టిక్కు పడింది. దొంగచాటు కదలికలంటే ఏమిటని కోర్టులో అడిగినప్పుడు అధికారులు చెప్పిన జవాబుల్లో నడక దిశ మార్చుకోవడం, జేబులో చేయి పెట్టి తీయడం, అటూ ఇటూ చూడటం, స్థిమితంగా లేకపోవడం ఉన్నాయి. పోలీసు కారు పక్కన ఆగితే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చేయని మనిషి ఉంటాడా అన్నది ఆలోచించదగిన విషయం. నిర్వచనం ఇంత వదులుగా ఉన్న చోట ఖాళీని నింపేది చూసేవాడి మనసులోని బొమ్మ. ప్రొఫైలింగ్ జరగడానికి అధికారి జాతిద్వేషి కానక్కర్లేదు. మసకగా ఉన్న నియమం, ఎక్కువ మందిని ఆపాలన్న పైఅధికారుల ఒత్తిడి, ఈ రెండూ ఉంటే సరిపోతుంది.

అన్ని సోదాలు చేస్తే ఏమి దొరికింది?

ఈ ప్రశ్నకు జవాబు 2013 ఆగస్టులో ఫ్లాయిడ్ వర్సెస్ సిటీ ఆఫ్ న్యూయార్క్ కేసులో న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఇచ్చిన తీర్పులో ఉంది. 2004 జనవరి నుంచి 2012 జూన్ వరకు జరిగిన 44 లక్షల స్టాపుల రికార్డులను కొలంబియా యూనివర్సిటీ ఆచార్యుడు జెఫ్రీ ఫాగన్ ఫిర్యాదుదారుల తరఫు నిపుణుడిగా విశ్లేషించారు. ఆపినవారిలో 52 శాతం నల్లజాతివారు, 31 శాతం లాటిన్ అమెరికా మూలాలున్న హిస్పానిక్‌లు, 10 శాతం తెల్లవారు. 2010 నాటి నగర జనాభాలో ఈ మూడు వర్గాల వాటా వరుసగా సుమారు 23, 29, 33 శాతం.

ఆపినవారిలో సగానికి కొంచెం పైగా, అంటే సుమారు 23 లక్షల మందిని ఒళ్లు తడిమి చూశారు. ఆయుధం దొరికింది అందులో 1.5 శాతం సందర్భాల్లోనే. వెయ్యి మందిని గోడకు నిలబెట్టి తడిమితే పదిహేను మంది దగ్గర ఆయుధం ఉంది, 985 మంది దగ్గర లేదు. మొత్తం స్టాపుల్లో 88 శాతం అరెస్టు గానీ సమన్లు గానీ లేకుండానే ముగిశాయి.

ప్రొఫైలింగ్ సంగతి తేల్చేది దీని తర్వాతి అంకె. జాతిని బట్టి విడదీసి చూస్తే, ఆపిన నల్లజాతివారిలో 1.0 శాతం, హిస్పానిక్‌లలో 1.1 శాతం, తెల్లవారిలో 1.4 శాతం సందర్భాల్లో ఆయుధం దొరికింది. మాదకద్రవ్యాల వంటి ఇతర నిషిద్ధ వస్తువుల విషయంలోనూ తెల్లవారి శాతమే ఎక్కువ: అదే వరుసలో 1.8, 1.7, 2.3 శాతం. పరిశోధకులు దీన్ని హిట్ రేట్ అంటారు. నల్లజాతివారి మీద అనుమానానికి నిజంగా ఆధారం ఉండి ఉంటే వాళ్ల దగ్గర దొరికే శాతం ఎక్కువగా, కనీసం సమానంగా ఉండాలి. తక్కువగా ఉందంటే, తెల్లవారిని ఆపడానికి గట్టి కారణం కావలసి వచ్చిందనీ, నల్లవారి విషయంలో బలహీనమైన కారణమే సరిపోయిందనీ అర్థం. ఇంకో వివరం కూడా ఆ విశ్లేషణలో ఉంది: "దొంగచాటు కదలికలు" అన్న గడిలో టిక్కు ఉన్న స్టాపులు అరెస్టుకో సమన్లకో దారితీసే అవకాశం మిగతావాటి కంటే తక్కువ. అంటే అంత తరచుగా వాడిన కారణం మిగతావాటి కంటే తక్కువగా పనికొచ్చింది.

నేరాలు ఎక్కువగా జరిగే పేటల్లో పోలీసులు ఎక్కువగా ఉంటారు, అక్కడ నల్లజాతివారు ఎక్కువగా నివసిస్తారు. తేడాకు కారణం అదే కావచ్చు కదా?

న్యూయార్క్ నగరపాలన కోర్టులో వినిపించిన వాదన ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఫాగన్ తన విశ్లేషణలో ప్రతి ప్రాంతపు నేరాల రేటునూ, జనాభా కూర్పునూ, ఆర్థిక స్థితినీ, పోలీసుల మోహరింపునూ లెక్కలోకి తీసుకున్నారు. అవన్నీ తీసేసిన తర్వాత కూడా ఒక ప్రాంతంలో నల్లజాతి, హిస్పానిక్ జనాభా ఎంత ఎక్కువైతే స్టాపులు అంత పెరుగుతాయని తేలింది. నేరాలు చేసేవారిలో ఒక వర్గం వాటా ఎక్కువ కాబట్టి ఆపేవారిలోనూ వారి వాటా ఎక్కువ ఉండాలన్న వాదనకు న్యాయమూర్తి ఇచ్చిన జవాబు సూటిగా ఉంది: ఆపినవారిలో అత్యధికులు ఏ తప్పూ చేయనివారు కాబట్టి, వారిని నేరస్థుల జనాభాతో పోల్చడానికి ఆధారమే లేదు.

ఇక్కడే ఒక విషవలయం కూడా ఉంది. గంజాయి జేబులో ఉన్నవాళ్లు అన్ని పేటల్లోనూ ఉంటారు. జేబులు వెతికిన పేటలోనే వాళ్లు దొరుకుతారు. దొరికినవి నేర గణాంకాల్లో చేరతాయి, ఆ గణాంకాలను చూపించి మరుసటి ఏడాది అదే పేటకు మరిన్ని కార్లు పంపుతారు. హత్య లాంటి నేరం ఎవరూ వెతకకపోయినా రికార్డులోకి వస్తుంది కాబట్టి అక్కడ ఈ దోషం తక్కువ. వెతికితేనే బయటపడే నేరాల్లో మాత్రం అరెస్టుల సంఖ్య నేరాలను కొలవదు, వెతుకులాటను కొలుస్తుంది.

సోదాలు తగ్గించాక నేరాలు పెరిగాయా?

పెరుగుతాయని పోలీసు శాఖ గట్టిగా హెచ్చరించింది. 2011లో 6 లక్షల 86 వేలు ఉన్న స్టాపులు 2014 నాటికి 50 వేల లోపుకు పడిపోయాయి. అదే కాలంలో నగరంలో హత్యలు 515 నుంచి 333కు తగ్గాయి, 2017లో 292కు దిగాయి. సోదాలు తగ్గడం వల్లనే హత్యలు తగ్గాయని దీని అర్థం కాదు. నేరాల పెరుగుదల తగ్గుదలలకు చాలా కారణాలుంటాయి. కానీ నగర భద్రత ఆ లక్షల సోదాల మీదే నిలబడి ఉందన్న వాదన మాత్రం ఈ అంకెల ముందు నిలవలేదు.

ఇదే రికార్డులపై 2016లో శరద్ గోయెల్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం మరింత ఉపయోగకరమైన విషయం చెప్పింది. ఆయుధం ఉందన్న అనుమానంతో చేసిన స్టాపుల్లో 40 శాతానికి పైగా సందర్భాల్లో, ఆపడానికి ముందు అధికారికి తెలిసిన సమాచారం ప్రకారమే ఆయుధం దొరికే అవకాశం 1 శాతం లోపు. సరైన సూచికలను బట్టి ఎంచుకుంటే కేవలం 6 శాతం స్టాపులతోనే ఆయుధాల్లో ఎక్కువ భాగం దొరికేవి. జేబులో ఆయుధం ఆకారంలో ఉబ్బు కనిపించడం వంటి నిర్దిష్టమైన సంగతులు పనికొచ్చే సూచికలు.

విమానాశ్రయం వేరు కదా? అక్కడ ఒక్క ఉగ్రవాది తప్పించుకున్నా వందల ప్రాణాలు పోతాయి.

ప్రమాదం పెద్దదే, కానీ లెక్క ఇంకా కఠినమైనది, ఎందుకంటే అక్కడ వెతికే మనిషి అత్యంత అరుదు. ఉదాహరణకు ఒక దేశంలో ఏడాదికి పది కోట్ల మంది ప్రయాణికులు, వారిలో ఒకే ఒక్క దుండగుడు ఉన్నాడని అనుకుందాం. అనుమానిత వర్గం ప్రయాణికుల్లో 5 శాతం, అంటే 50 లక్షల మంది అనుకుందాం. ప్రొఫైలింగ్‌కు అనుకూలంగా ఉండేలా, ఆ ఒక్కడూ ఖచ్చితంగా ఆ వర్గంలోనే ఉన్నాడని కూడా ఒప్పుకుందాం. అప్పటికీ 49,99,999 మంది నిరపరాధులను పక్కకు తీసుకువెళ్లి సోదా చేస్తే గానీ అతను దొరకడు. లోతైన సోదా చేయగల సామర్థ్యం ఏడాదికి లక్ష మందికి మాత్రమే ఉంటే, అతను ఆ లక్షలో పడే అవకాశం యాభైలో ఒకటి. మరో వర్గం నుంచి వస్తే ఆ అవకాశం సున్నా.

గణిత దృష్టితో దీన్ని విలియం ప్రెస్ అనే శాస్త్రవేత్త 2009లో పరిశీలించారు. అనుమానం ఎంత ఉంటే అంతే నిష్పత్తిలో సోదా చేయడం సరైన పద్ధతిగా పైకి కనిపిస్తుంది గానీ, అలా చేస్తే అనుమానిత వర్గంలోని అదే నిరపరాధులు ప్రతి ప్రయాణంలోనూ మళ్లీ మళ్లీ సోదాకు గురవుతారు, సిబ్బంది శ్రమ వారి మీదే ఖర్చవుతుంది. ఆయన లెక్క ప్రకారం సోదాల నిష్పత్తి అనుమానపు వర్గమూలాన్ని మించకూడదు: ఒక ప్రయాణికుడి మీద అనుమానం తొమ్మిది రెట్లుంటే సోదా మూడు రెట్లే ఉండాలి. అనుమానపు అంచనాలే తప్పయితే ఆ మాత్రం కూడా పనికిరాదు. జాతి విషయంలో ఆ అంచనాలు ఎంతవరకు నమ్మదగినవో న్యూయార్క్ హిట్ రేట్లలో చూశాం.

దుండగులు ఈ పద్ధతిని కనిపెట్టలేరా?

కనిపెడతారు, ఇప్పటికే కనిపెట్టారు. 1972 మే 30న ఇజ్రాయెల్‌లోని లోద్ విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది దృష్టి పాలస్తీనా అరబ్బుల మీద ఉంది. రోమ్ నుంచి వచ్చిన విమానంలో దిగిన ముగ్గురు జపాన్ యువకులు వయొలిన్ పెట్టెల్లోంచి తుపాకులు తీసి కాల్పులు జరిపారు. 26 మంది చనిపోయారు. పాలస్తీనా సంస్థ ఒకటి జపనీస్ రెడ్ ఆర్మీ అనే తీవ్రవాద సంస్థ మనుషులను వాడుకోవడానికి ఒక కారణం వారి ముఖాలే.

1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రో విమానాశ్రయంలో జరిగింది మరీ గమనించదగినది. టెల్ అవీవ్ వెళ్లే, ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ విమానం ఎక్కబోతున్న ఐర్లండ్ యువతి గర్భవతి. ఆమెకు తెలియకుండా ఆమె ప్రియుడు, జోర్డాన్‌కు చెందిన నెజార్ హిందావీ, సంచి అడుగున దొంగ అరలో పేలుడు పదార్థం పెట్టాడు. విమానాశ్రయపు ఎక్స్‌రే దాన్ని పట్టలేదు. ఎల్ ఆల్ సిబ్బంది ఆమెతో మాట్లాడినప్పుడు ప్రయాణం గురించి జవాబులు పొంతన లేకుండా ఉన్నాయి, సామాన్లు తీసేశాక కూడా ఖాళీ సంచి బరువుగా తోచింది. ఎల్ ఆల్ జాతిని పట్టించుకోని సంస్థ కాదు, అరబ్ ప్రయాణికులను అది మరింత నిలదీస్తుందన్నది అందరికీ తెలిసిందే. అయినా ఆ రోజు విమానాన్ని కాపాడింది ప్రశ్నలూ, సంచి బరువూ. ముఖాన్ని బట్టి వదిలేసి ఉంటే మొదట వదిలేసేది ఆమెనే.

ముందుగా మనుషులను పంపి పరీక్షించుకునే వీలు కూడా దుండగులకు ఉంది. ఆయుధం లేకుండా నలుగురిని నాలుగుసార్లు ప్రయాణం చేయించి, ఏ సోదాకూ గురికాని ఒక్కడిని ఐదోసారి ఆయుధంతో పంపవచ్చని 2002లో ఎంఐటీకి చెందిన ఇద్దరు విద్యార్థులు ఒక పత్రంలో చూపించారు. యాదృచ్ఛికంగా చేసే సోదాను అలా ముందే పరీక్షించుకోవడం కుదరదు.

జాతిని వదిలి ప్రవర్తనను గమనిస్తే సరిపోతుందా?

అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ ఆ ప్రయత్నం చేసింది. 2007 నుంచి స్పాట్ అనే కార్యక్రమం కింద, ముఖంలో ఒత్తిడి, భయం, మోసం చేస్తున్న లక్షణాలు కనిపెట్టడానికి వేల మంది అధికారులను నియమించి, సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. 2013 నవంబరులో ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రవర్తన చూసి మోసాన్ని పసిగట్టే విషయంలో మనుషుల సామర్థ్యం బొమ్మా బొరుసూ వేసినదానికి సమానం, లేదా కాస్త మెరుగు. పైగా 2012లో బోస్టన్ విమానాశ్రయంలోని అధికారులు కొందరు, తమ సహోద్యోగులు ప్రవర్తన పేరుతో నల్లజాతివారినీ, హిస్పానిక్‌లనూ, మధ్యప్రాచ్యం వారినీ ఎంచుకుంటున్నారని తామే ఫిర్యాదు చేశారు. కొలమానం వదులుగా ఉంటే జాతి ముందు తలుపు నుంచి వెళ్లి దొడ్డిదారిన వస్తుంది.

మరి ఏ మార్పు పనిచేసింది?

అమెరికా కస్టమ్స్ శాఖ అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. 1997, 1998 సంవత్సరాల్లో విదేశాల నుంచి తిరిగివచ్చిన అమెరికా పౌరుల సోదాలపై జీఏఓ పరిశీలన చేసింది. ఒళ్లు తడిమిన తర్వాత ఎక్స్‌రేకు పంపే అవకాశం తెల్లజాతి స్త్రీల కంటే నల్లజాతి స్త్రీలకు తొమ్మిది రెట్లు ఎక్కువ. వారి దగ్గర నిషిద్ధ వస్తువు దొరికే అవకాశం మాత్రం తెల్ల స్త్రీలతో పోలిస్తే సగం కూడా లేదు. ఆ తర్వాత కమిషనర్ రేమండ్ కెల్లీ అనుమాన సూచికల పొడవాటి జాబితాను కొన్ని నిర్దిష్ట అంశాలకు కుదించి, సోదాకు ముందు పైఅధికారి అనుమతి తప్పనిసరి చేశారు. సోదాలు దాదాపు 75 శాతం తగ్గాయి, సోదా చేసినవారిలో సరుకు దొరికే శాతం రెట్టింపుకు పైగా పెరిగింది. ఇదే కెల్లీ 2002 నుంచి 2013 వరకు న్యూయార్క్ పోలీసు కమిషనర్. పైన చెప్పిన లక్షల స్టాపులు ఆయన హయాంలోనివే. ఒకే మనిషి ఒక శాఖలో నేర్పిన పాఠం మరో శాఖలో ఎందుకు అమలు కాలేదన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పరిశోధకులందరూ ఏకాభిప్రాయంతో ఉన్నారా?

వివరాల్లో లేరు. 2001లో నోల్స్, పెర్సికో, టాడ్ అనే ఆర్థికవేత్తలు మేరీలాండ్ రహదారి సోదాలను చూసి, నల్లవారి, తెల్లవారి హిట్ రేట్లు దాదాపు సమానం కాబట్టి అది జాతిద్వేషం వల్ల కాకపోవచ్చని వాదించారు. సగటు హిట్ రేట్ ఒక్కటే చూస్తే మోసపోయే వీలుందనీ, ఏ మాత్రం అనుమానం ఉంటే సోదా మొదలుపెడుతున్నారో ఆ గీతను కొలవాలనీ తర్వాతివారు అన్నారు. సుమారు పది కోట్ల ట్రాఫిక్ స్టాపులను పరిశీలించి 2020లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ బృందం అధ్యయనం ఆ గీతను అంచనా వేసి, నల్లజాతి, హిస్పానిక్ డ్రైవర్ల విషయంలో అది కిందికి ఉందని తేల్చింది. నేరాలు కేంద్రీకృతమైన చిన్న వీధిముక్కల్లో పోలీసుల గస్తీ పెంచితే కొంతకాలం నేరాలు తగ్గుతాయనడానికి మాత్రం ఆధారాలున్నాయి. అది స్థలాన్ని బట్టి చేసే పని, జాతిని బట్టి కాదు.

భారతీయులకు దీనితో సంబంధం ఉందా?

ఉంది. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ల గుజరాతీ తాత ఉదయం ఇంటి ముందు వీధిలో నడుస్తున్నారు. "సన్నటి నల్లవాడు" తిరుగుతున్నాడని ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ మాట చెప్పినా ఒక అధికారి నేలకేసి కొట్టడంతో వెన్ను దెబ్బతిని పాక్షికంగా పక్షవాతం వచ్చింది. డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లల ఇళ్లకు వెళ్లి పొద్దున్నే నడకకు బయలుదేరే మన అమ్మానాన్నలు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ ఉదంతం మనకు దూరం కాదు.

పుట్టుకను బట్టి అనుమానించడం మన నేల మీద చట్టంగానే అమలైంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టపు పద్ధతిని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేసి, ఎరుకల వంటి కులాలను మొత్తంగా నేరస్థ జాతులుగా ప్రకటించారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో రద్దయింది గానీ, దొంగతనం జరిగితే ముందుగా ఆ ఊరి వైపు చూసే అలవాటు చట్టంతో పాటు పోలేదు.

అమెరికా ప్రయాణంలో అదనపు తనిఖీకి ఎంపికయ్యామని ఎలా తెలుస్తుంది?

బోర్డింగ్ పాస్ మీద SSSS అని అచ్చయి ఉంటే అదనపు తనిఖీ ఉంటుంది. ఆన్‌లైన్ చెకిన్ కుదరకుండా కౌంటర్‌కు రమ్మనడం కూడా ఒక సూచన. ఎంపిక యాదృచ్ఛికం కావచ్చు, నిఘా జాబితాలోని మరొకరి పేరుతో మీ పేరు కలవడం వల్లా కావచ్చు, కారణం చెప్పరు. కాబట్టి ఒక్కసారి జరిగినంత మాత్రాన అది ప్రొఫైలింగ్ అనుకోనక్కర్లేదు. వరుసగా ప్రతి ప్రయాణంలోనూ జరుగుతుంటే, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ నడిపే DHS TRIP ద్వారా ఫిర్యాదు చేసి ఒక రిడ్రెస్ నంబరు తీసుకుని, టికెట్ బుక్ చేసేటప్పుడు ఆ నంబరును నమోదు చేయవచ్చు. పేరు కలవడం వల్ల వచ్చిన చిక్కయితే అది చాలావరకు తీరుతుంది. కౌంటర్ దగ్గర అధికారి స్వయంగా పక్కకు పిలిచిన సందర్భానికి మాత్రం ఆ నంబరు అక్కరకు రాదు. అక్కడ తేదీ, సమయం, చెక్‌పోస్టు నంబరు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయడమే మార్గం.